94 శాతం ఉంచుకుని తేమను పారేసిన లెక్క

వాతావరణ కేంద్రాల ఆవరణలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. గోడలన్నీ కిటికీ రెక్కల్లా అడ్డపలకలతో ఉంటాయి; గాలి ఆడుతుంది, ఎండ మాత్రం లోపల పడదు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన రచయిత వాళ్ల నాన్న, లైట్‌హౌస్‌లు కట్టే ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ రూపొందించిన పెట్టె అది. లోపల రెండు థర్మామీటర్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకదాని బల్బు ఉత్తిగా ఉంటుంది. రెండోదాని బల్బుకు పల్చటి మల్లు గుడ్డ చుట్టి, దాని కొస నీళ్లలో వేలాడదీస్తారు. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో, ఆ గుడ్డ చుట్టిన బల్బూ అందుకే చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే నీరు ఎక్కువగా ఆవిరై తడి బల్బు బాగా దిగుతుంది. ఉక్కపోత రోజైతే గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది కాబట్టి పెద్దగా దిగదు. అంటే గాలిలో తేమ ఎంతుందో ఏ ఒక్క థర్మామీటరూ చెప్పదు, రెంటికీ మధ్య తేడా చెబుతుంది.

ప్రిన్సిపల్ కాంపొనెంట్ ఎనాలిసిస్ గురించి, అందరూ పొట్టిగా పిలుచుకునే పీసీఏ గురించి చెప్పడానికి నాకు ఈ పెట్టెను మించిన ఉదాహరణ దొరకలేదు. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బకొడుతుందో రెండూ ఇందులోనే కనిపిస్తాయి.

వేర్వేరు కాలాల్లోని ఐదు ఉదయాలు తీసుకుందాం. ఇవి చేతిలెక్క సులువుగా నడవడానికి నేను కూర్చిన అంకెలు. కానీ మన కోస్తాలో కనిపించగల అంకెలే.

| రోజు | పొడి బల్బు (°C) | తడి బల్బు (°C) | తేడా |
|---|---|---|---|
| 1 | 23 | 21 | 2 |
| 2 | 25 | 19 | 6 |
| 3 | 28 | 24 | 4 |
| 4 | 31 | 29 | 2 |
| 5 | 33 | 27 | 6 |

పొడి బల్బు సగటు 28, తడి బల్బు సగటు 24. మొదట చేసే పని, ప్రతి అంకెలోంచీ దాని సగటును తీసేయడం. అప్పుడు పొడి బల్బు వరస -5, -3, 0, 3, 5 అవుతుంది. తడి బల్బు వరస -3, -5, 0, 5, 3.

ఇప్పుడు వేరియన్స్. సగటు నుంచి అంకెలు ఎంతగా చెదిరిపోయాయో కొలిచే సంఖ్య అది. ఒక్కో తేడానీ వర్గం చేసి, కూడి, రోజుల సంఖ్యలో ఒకటి తగ్గించి భాగిస్తాం. పొడి బల్బుకు 25, 9, 0, 9, 25 కలిపితే 68. నాలుగుతో భాగిస్తే 17. తడి బల్బుకూ 17 వస్తుంది. ఇక రెండూ కలిసి ఎలా కదులుతున్నాయో చూడాలి. ఏ రోజుకారోజు రెండు తేడాలనూ గుణించి కూడితే 60, నాలుగుతో భాగిస్తే 15. దీన్ని కోవేరియన్స్ అంటారు. 17లో 15 అంటే రెండు థర్మామీటర్లూ దాదాపు చేయీచేయీ పట్టుకుని నడుస్తున్నట్టే. ఈ నాలుగు అంకెలనూ చతురస్రంగా పేర్చితే మాట్రిక్స్:

```
17  15
15  17
```

ఐదు రోజులనూ గ్రాఫు కాగితం మీద ఐదు చుక్కలుగా పెట్టండి, అడ్డంగా పొడి బల్బు, నిలువుగా తడి బల్బు. చుక్కలన్నీ ఏటవాలుగా సాగిన సన్నటి గుంపులా కనిపిస్తాయి. ఇప్పుడు గుంపు మధ్యలో ఒక స్కేలు పెట్టి నెమ్మదిగా తిప్పుతూ, ప్రతి కోణం దగ్గరా చుక్కల నుంచి స్కేలు మీదకు లంబాలు దించి, స్కేలు మీద అవి ఎంత చెదిరాయో కొలవండి. స్కేలు అడ్డంగా ఉన్నప్పుడు వేరియన్స్ 17. 30 డిగ్రీలు లేపితే సుమారు 30 అవుతుంది. 45 దగ్గర 32. ఇంకా లేపి 60కి తీసుకెళితే మళ్లీ 30, నిటారుగా నిలబెడితే 17. అక్కడితో ఆగకుండా 135 డిగ్రీల దాకా తిప్పితే 2కు పడిపోతుంది. చెదురు అత్యధికంగా ఉన్న దిక్కు 45 డిగ్రీలది. అది మొదటి ప్రిన్సిపల్ కాంపొనెంట్. దానికి లంబంగా ఉన్న దిక్కు రెండోది. పీసీఏ చేసేది ఇంతే. పది కొలతలున్నా వంద కొలతలున్నా ఇదే పని, కాకపోతే స్కేలు తిప్పాల్సింది కాగితం మీద కాదు.

వంద కొలతల్లో స్కేలు తిప్పుతూ కూర్చోలేం కాబట్టి ఐగెన్‌వెక్టర్ కావాలి. మన మాట్రిక్స్‌ను ఒక దిక్కు మీద ప్రయోగించి చూద్దాం. అడ్డదిక్కును, అంటే (1, 0)ని దానితో గుణిస్తే (17, 15) వస్తుంది. అడ్డంగా వెళ్లింది ఏటవాలుగా బయటికొచ్చింది, దిక్కు మారిపోయింది. చాలా దిక్కులకు జరిగేది ఇదే. కానీ (1, 1)ని గుణించండి: 17+15, 15+17, అంటే (32, 32). దిక్కు మారలేదు, పొడవు మాత్రం 32 రెట్లయింది. (1, -1)ని గుణిస్తే (2, -2). ఇదీ తన దిక్కు వదల్లేదు, రెండు రెట్లయి ఊరుకుంది. ఇలా మాట్రిక్స్ ఎంత లాగినా తన దారి తప్పని దిక్కుల్ని ఐగెన్‌వెక్టర్లంటారు. ‘ఐగెన్’ జర్మన్ మాట, ‘సొంత’ అని అర్థం. ఎన్ని రెట్లు సాగిందో ఆ 32, 2 ఐగెన్ విలువలు. స్కేలు తిప్పితే దొరికిన గరిష్ఠం 32, కనిష్ఠం 2 ఇవేనని గమనించే ఉంటారు. కోవేరియన్స్ మాట్రిక్స్‌కు ఐగెన్‌వెక్టర్లు కనుక్కుంటే చెదురు ఎక్కువున్న దిక్కు, తక్కువున్న దిక్కు వరసగా చేతికొస్తాయి.

రెండు విలువలూ కలిపితే 34, మొదట్లో ఉన్న 17, 17 మొత్తం కూడా 34. చెదురు ఎక్కడికీ పోలేదు, వేరే రకంగా పంపకమైంది. మొదటి దిక్కు వాటా 34లో 32, అంటే 94 శాతం. రెండోదానికి మిగిలింది 6 శాతం.

పాఠాల్లో ఈ చోటుకి రాగానే సాధారణంగా చెప్పే మాట, ఆ 6 శాతాన్ని వదిలేయొచ్చు అని. రెండు కొలతల స్థానంలో ఒక్కటే మిగులుతుంది, పోయింది ఆరు శాతమే కదా.

వదిలేసి చూద్దాం. మొదటి కాంపొనెంట్ అంటే రెండు థర్మామీటర్ల కూడిక లాంటిది. మొదటి రోజు తేడాల మొత్తం -8, రెండో రోజుదీ -8. నాలుగో రోజు 8, ఐదో రోజూ 8. అంటే రెండో కాంపొనెంట్ తీసేశాక మొదటి రెండు రోజులకూ తేడా లేదు. రెండూ పొడి 24, తడి 20 అయిపోయాయి. చివరి రెండు రోజులూ 32, 28 అయ్యాయి. మధ్య రోజు 28, 24 గానే ఉంది. ఇప్పుడు తేడాల వరస చూడండి: 4, 4, 4, 4, 4.

అసలు అంకెలతో లెక్కగడితే ఆ ఐదు రోజుల్లో గాలిలో తేమ సుమారు 84, 57, 72, 86, 63 శాతం. ఒకరోజు ఉతికిన బట్టలు సాయంత్రం దాకా ఆరవు, మర్నాడు మధ్యాహ్నానికే కరకరలాడతాయి. రెండో కాంపొనెంట్ పారేశాక మిగిలిన అంకెలతో అదే లెక్క వేస్తే తేమ అన్ని రోజులూ 69కీ 74కీ మధ్యే వస్తుంది. 94 శాతం సమాచారం ఉంచుకున్నామనుకున్నాం, తేమ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

‘సమాచారం’ అన్న ఆ మాట దగ్గరే నాకు పేచీ. 94 శాతం వేరియన్స్ ఉంది, సమాచారం కాదు. రెండిటినీ ఒకటిగా రాసే పుస్తకాలకు లెక్కలేదు. పీసీఏకి చెదురు తప్ప మరోటి తెలియదు. మనం ఏం కనుక్కోవాలనుకుంటున్నామో దానికి ఎవరూ చెప్పలేదు, అది అడగనూ లేదు. 1901లో కార్ల్ పియర్సన్ చుక్కల గుంపుకు అతి దగ్గరగా వెళ్లే గీత ఏదని ఆలోచించాడు. 1933లో హెరాల్డ్ హోటెలింగ్ ఐగెన్ విలువల దారిలో దీన్ని పెంచి ఇప్పుడున్న పేరు పెట్టాడు. ఇద్దరి లెక్కలోనూ జవాబు అనే గడి లేదు. ఉన్న కొలతల్ని క్లుప్తంగా వర్ణించడమే వాళ్ల పని. దాన్ని తెచ్చి ఇంకేదో అంచనా వేసే మోడల్ ముందు పెట్టింది మనం.

మన ఐదు రోజుల్లో తేమను ఒక్కో కాంపొనెంట్ ఎంత వివరిస్తుందో లెక్క వేయొచ్చు. కాంపొనెంట్లకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు కాబట్టి, ఒక్కోదానికీ తేమతో ఉన్న సహసంబంధాన్ని వర్గం చేస్తే దాని వాటా విడిగా తెలిసిపోతుంది. 94 శాతం చెదురున్న మొదటిది తేమలోని మార్పులో రెండున్నర శాతమే వివరిస్తోంది. 6 శాతందని పక్కనబెట్టిన రెండోది 97 శాతం వివరిస్తోంది. అదే మనం అడిగే ప్రశ్న ‘ఊళ్లో ఫ్రిజ్‌లకూ ఏసీలకూ కరెంటు ఎంత కాలుతుంది’ అని అయ్యుంటే మొదటి కాంపొనెంటే చాలావరకు సరిపోయేదేమో. దిక్కుల్లో మంచీచెడూ లేదు, అడిగే ప్రశ్నను బట్టే.

ఇది నేను కూర్చిన అంకెల మాయ అని మీకు అనుమానం రావచ్చు. అసలు సంఘటన ఒకటి మన రుతుపవనాలదే ఉంది. 1980లో కుంగ్, షరీఫ్ అనే ఇద్దరు పరిశోధకులు భారతదేశానికి నైరుతి ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పడానికి, అంతకుముందు పైగాలుల్లో ఉన్న పరిస్థితుల్ని కొలిచే పది అంశాలు తీసుకున్నారు. వాటిని పది కాంపొనెంట్లుగా మార్చి, రాక తేదీతో రిగ్రెషన్ చేశారు. తేదీని వివరించడంలో ఎక్కువ పనికొచ్చినవి వరసగా ఎనిమిదోది, రెండోది, పదోది. పది మందిలో పదోది అంటే అన్నిటికంటే తక్కువ చెదురున్నది! మొదటి మూడునాలుగు ఉంచుకుని మిగతావి తీసేసే అలవాటు ప్రకారం పోయుంటే ఆ మూడింట్లో రెండు చెత్తబుట్టలో పడేవి. రెండేళ్ల తర్వాత ఇయాన్ జాలిఫ్ అనే గణాంకవేత్త ఇలాంటి అసలు ఉదాహరణలు పోగేసి ఒక చిన్న వ్యాసం రాశాడు. చిన్న కాంపొనెంట్లు పనికిరావన్న నమ్మకం సాధనలోనూ చెల్లదని అందులో చూపించాడు. ఆ వ్యాసానికి నలభై ఏళ్లు దాటినా ‘95 శాతం ఉంచండి, మిగతాది తీసేయండి’ అనే వాక్యం చెక్కుచెదరలేదు.

మొన్నామధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఇలాగే వచ్చాడు. ఒక గోదాములోని సెన్సర్ల అంకెలతో ధాన్యం తేమను అంచనా వేయాలి.

“సార్, పీసీఏ పెట్టాక మోడల్ ఇంకా పాడైంది. కానీ 95 శాతం ఉంచాను సార్.”

“స్కేలింగ్ చేశావా బాబూ?”

“చేశాను సార్.”

స్కేలింగ్ అడగడానికి కారణముంది. పీసీఏకి యూనిట్లు తెలియవు, అంకెలే తెలుసు. మన తడి బల్బును ఎవరో సెల్సియస్ బదులు ఫారెన్‌హీట్‌లో రాశారనుకోండి. గాలి అదే, రోజులు అవే. కానీ తడి బల్బు వేరియన్స్ 17 నుంచి 55కి ఎగబాకుతుంది. మొదటి కాంపొనెంట్ 45 డిగ్రీల నుంచి 63 దాకా తడి బల్బు వైపు ఒరిగిపోతుంది. థర్మామీటరు మీద గీతలు మారితే ‘ముఖ్యమైన దిక్కు’ మారిపోయింది. అందుకే యూనిట్లు వేర్వేరుగా ఉన్నప్పుడు ప్రతి కొలతనూ దాని ప్రామాణిక విచలనంతో భాగించి అన్నిటినీ ఒకే గట్టు మీదికి తెస్తారు. అది తప్పనిసరి పని. అయితే మన రెండు బల్బుల జబ్బుకు అది మందు కాదు. అక్కడ రెంటి వేరియన్సూ ముందే సమానం. స్కేలింగ్ చేసినా మళ్లీ 94, 6 లే వస్తాయి.

కుర్రాడి చేత అన్ని కాంపొనెంట్లనూ ఉంచి, ఒక్కోదానికీ ధాన్యం తేమతో సంబంధం ఎంతో వరసగా రాయించాను. పట్టిక సగం రాసేసరికే నవ్వాడు. పనికొచ్చేవి అడుగున ఉన్నాయి. పీసీఏ దెబ్బకొట్టిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా పెద్ద యంత్రాంగం అక్కర్లేదు: ఆ పట్టిక ఒకటి, తగ్గించిన మోడల్నీ తగ్గించని మోడల్నీ ఎప్పుడూ చూడని డేటా మీద పక్కపక్కన పరీక్షించడం ఒకటి.

జవాబును కూడా లెక్కలోకి తీసుకునే దిక్కుల్ని వెతకొచ్చు కదా అంటే, వెతికారు. వెతికినవాళ్లలో మనవాడూ ఉన్నాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు 1964లో ‘సంఖ్య’ పత్రికలో పీసీఏ వాడకం మీద సుదీర్ఘమైన వ్యాసం రాశారు. ఒక గుంపు కొలతల్లోంచి, ఇంకో గుంపు కొలతల్ని బాగా అంచనా వేయగల కాంపొనెంట్లను తీయడం ఎలాగో అందులో చూపించారు. చెదురును కాకుండా ఉపయోగాన్ని బట్టి దిక్కుల్ని ఎంచే దారి అది.

మరి చిన్న కాంపొనెంట్లను అసలు వదలకూడదా? వదలాల్సిన సందర్భాలు ఉన్నాయి, అవి నిజమైనవి. రెండో దిక్కులో మన చుక్కలు చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. రెండడుగుల దూరంలో నిలబడి రోడ్డు ఎంత వాలుగా ఉందో చెప్పమంటే కష్టం, రెండు ఫర్లాంగులు నడిచాక చెప్పడం తేలిక. అలాగే రిగ్రెషన్‌లో చెదురు తక్కువున్న దిక్కు వెంట వాలును కనుక్కోవడంలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. 32కీ 2కీ నిష్పత్తి 16, దాని వర్గమూలం 4. అంటే రెండో దిక్కులోని గుణకంలో అనిశ్చితి మొదటిదాని కంటే నాలుగు రెట్లు. ఇక చదివేవాడి కంటిలోనూ తప్పులుంటాయి. ఒక్కో థర్మామీటరు చదవడంలో అటూ ఇటూ ఒక డిగ్రీ దాకా పొరపాటు మామూలే అనుకుంటే, ఆ పొరపాటు తన వంతుగా ఒక యూనిట్ వేరియన్స్‌ను ప్రతి దిక్కులోనూ సమానంగా కలుపుతుంది. 32లో ఒకటి లెక్కలోకి రాదు, 2లో ఒకటంటే సగం. కొలత అంత మోటుగా ఉండి, రోజులు కొన్నే ఉంటే, ఆ రెండో దిక్కును నమ్ముకుంటే మోడల్ చదివేవాడి పొరపాట్లను నేర్చుకుంటుంది.

మన వాతావరణ శాఖ కేరళకు నైరుతి రాక తేదీని 2005 నుంచి ఏటా ముందుగా ప్రకటిస్తోంది. ఆ మోడల్లో ఆరు సంకేతాలుంటాయి: వాయవ్య భారతంలో కనిష్ఠ ఉష్ణోగ్రతలు, దక్షిణాదిలో రుతుపవనానికి ముందు వానలు, దక్షిణ చైనా సముద్రం మీద మేఘాల తీరు, అలాంటివి. వాటిని కాంపొనెంట్లుగా మార్చి రిగ్రెషన్ చేస్తారు. అంచనాకు అటూ ఇటూ నాలుగు రోజుల తేడా ఉంటుందని వాళ్లే చెబుతారు. ఇక్కడ తగ్గించడంలో అర్థముంది. నైరుతి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. నలభై ఏళ్ల రికార్డు తీసినా పట్టికలో వరసలు నలభయ్యే, ఆపైన సంకేతాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అన్నిటికీ విడివిడి గుణకాలు నిలకడగా తేలాలంటే అంత డేటా చాలదు. అదే ప్రతి నిమిషానికీ అంకె పంపే సెన్సర్లున్న మా కుర్రాడి గోదాములో ఆ కొరత లేదు. అతను కాంపొనెంట్లను తీసేయాల్సిన అవసరమే లేదు.

ఆ గోదాములోని సెన్సర్ల పక్కన సరిచూసుకోవడానికి పాత పద్ధతి రెండు బల్బుల పరికరం కూడా ఒకటి తగిలించి ఉంది. నెల తిరక్కుండానే కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఒక ఉదయం అంకెలు తేడాగా ఉన్నాయట. మన ఐదు రోజుల లెక్కలోనే చెప్పాలంటే, పొడి 28, తడి 28 అని వచ్చినట్టు. పొడి బల్బుకు 28 సగటే. తడి బల్బుకు 28 సగటు కంటే నాలుగు ఎక్కువ, ప్రామాణిక విచలనానికి లోబడే ఉంది. మొదటి కాంపొనెంట్ మీద చూసినా దాని విచలనంలో సగమే. విడివిడిగా ఎవరికీ అనుమానం రాదు. రెండో కాంపొనెంట్ మీద మాత్రం అది ఏకంగా రెండు విచలనాల దూరంలో, చుక్కల గుంపుకు అవతల నిలబడుతుంది.

“గిన్నెలో నీళ్లున్నాయేమో చూడు” అన్నాను.

కాసేపటికి లైన్‌లోకి వచ్చాడు. గుడ్డ ఎండి బిగుసుకుపోయిందట సార్, అడుగున చుక్క నీరు లేదట.